వక్తృత్వ పోటీకి జడ్జిగా కూర్చుంటే: మార్కులు ఎలా వేయాలి, ముగ్గురి మార్కులు ఎలా కలపాలి

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు, 26న రాజ్యాంగ దినోత్సవం, జనవరి 12న యువజన దినోత్సవం. వీటిలో ఏదో ఒకదానికి మీకు ఫోను వస్తుంది. "సార్, వక్తృత్వ పోటీకి జడ్జిగా రావాలి, పది గంటలకల్లా వచ్చేయండి" అంటారు. వెళ్లేసరికి ముగ్గురికి మూడు కాగితాలు, మూడు పెన్నులు ఇచ్చి కూర్చోబెడతారు. ముగ్గురూ అంతకుముందు ఒకరినొకరు చూసి ఉండరు. రెండు గంటల తర్వాత ఆ మూడు కాగితాల మీది అంకెలన్నీ కూడేసి విజేతను ప్రకటిస్తారు.

ఆ కూడికలోనే అసలు ఇబ్బంది ఉంది. ముగ్గురూ నిజాయితీగా, శ్రద్ధగా మార్కులు వేసినా సరే, ఇద్దరికి నచ్చిన పిల్లవాడు ఓడి, ఒక్కరికి నచ్చిన పిల్లవాడు గెలవచ్చు. అలా జరగకుండా పోటీకి ముందు, జరుగుతుండగా, అయిపోయాక ఏం చేయాలో వరుసగా చెబుతాను. పాఠశాల, ఇంటర్ స్థాయిలో ఐదు నిమిషాల ప్రసంగం, ముగ్గురు జడ్జిలు ఉన్న పోటీని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. డిబేట్‌కు వచ్చే తేడాలు మధ్యలో చెబుతాను.

1. ముందు కాగితం సరిచేయండి

నిర్వాహకులు ఇచ్చే స్కోరు షీటు చాలాచోట్ల ఇలా ఉంటుంది: విషయం 10, ఉచ్చారణ 10, హావభావాలు 10, ఆత్మవిశ్వాసం 10, సమయపాలన 10. చూడటానికి సమంగానే ఉంది. కానీ ఉచ్చారణ, హావభావాలు, ఆత్మవిశ్వాసం మూడూ చెప్పే తీరుకు చెందినవే. గొంతు గట్టిగా ఉండి, చేతులు తిప్పుతూ, తడబడకుండా చెప్పిన పిల్లవాడికి ఒకే గుణానికి మూడుసార్లు మార్కులు పడతాయి. 50లో 30 అక్కడే పోతే, ఏం చెప్పాడన్నదానికి మిగిలేది పది. ఇక అలాంటి షీటుతో ఎంత నిష్పక్షపాతంగా వేసినా గొంతే గెలుస్తుంది.

నేనైతే నాలుగు గడులే ఉంచుతాను. విషయానికి 20, అమరికకు 10, భాషకు 10, చెప్పే తీరుకు 10. సమయపాలన జడ్జి పని కాదు, దాన్ని టైమ్‌కీపర్‌కు వదిలేయండి. నిర్వాహకులు షీటు మార్చడానికి ఒప్పుకోకపోతే, కనీసం ఆత్మవిశ్వాసం గడిలో దేనికి మార్కు వేయాలో ముగ్గురూ ఒక మాట అనుకోండి. లేకపోతే అది "నాకు నచ్చాడు" అనే గడిగా మారిపోతుంది.

విషయం అంటే ఎన్ని పాయింట్లు చెప్పాడని కాదు. ఒక్క పాయింటును పట్టుకుని, ఎందుకో చెప్పి, ఉదాహరణ ఇచ్చి నిలబెట్టాడా అని. అమరిక అంటే మొదలు, మధ్య, ముగింపు ఒకే దారిలో నడిచాయా, ఒక మాట నుంచి ఇంకో మాటకు ఎందుకు వెళ్లాడో వినేవారికి తెలిసిందా అని. చెప్పే తీరులో గొంతు, చూపు, నిలబడే పద్ధతి, విరామాలు అన్నీ కలిపి పదే.

భాష గడి దగ్గర కాస్త ఆగాలి. శ్రీకాకుళం యాస, రాయలసీమ యాస, తెలంగాణ యాస ఏదైనా సరే, దానికి మార్కు తగ్గించకూడదని ముందే అనుకోండి. ఈ మాట పైకి అనకపోతే, గ్రాంథికానికి దగ్గరగా మాట్లాడినవాడికి తెలియకుండానే రెండు మార్కులు ఎక్కువ పడతాయి. చూడాల్సింది మాట స్పష్టంగా ఉందా, వాక్యం పూర్తవుతోందా, సరైన చోట సరైన పదం పడిందా అనే. ఇంగ్లిష్ పదాల సంగతీ అంతే. బస్సు, ఫోను లాంటి మాటలకు తగ్గింపు ఉండదా, మొత్తం వాక్యమే ఇంగ్లిష్‌లో చెబితే ఎంత తగ్గించాలి, ఇది పోటీకి ముందే తేలిపోవాలి. మధ్యలో ఎవరికి వారు నిర్ణయించుకునే విషయం కాదిది.

2. సగటు ప్రసంగానికి ఎంతో ముందే చెప్పుకోండి

ఒక జడ్జి బాగోలేని ప్రసంగానికి కూడా 38 వేస్తారు, "పిల్లలు కదా" అని. ఇంకొకరు బాగున్నదానికి 33 వేసి, అది మంచి మార్కే అనుకుంటారు. ఇద్దరి చేతిలోనూ 50 మార్కులే ఉన్నాయి కానీ ఆ అంకెలకు అర్థాలు వేరు.

ప్రపంచ స్కూళ్ల డిబేటింగ్ పోటీల్లో దీన్ని ఎలా కట్టడి చేస్తారో చూడండి. ఒక్కో ప్రసంగానికి 100 మార్కులని పేరేగానీ, వేయాల్సింది 60 నుంచి 80 మధ్యలోనే. సగటు ప్రసంగం అంటే 70. ఈ ఒక్క అంకె తెలిస్తే ఏ దేశం నుంచి వచ్చిన జడ్జి అయినా 74 అంటే ఏమిటో, 66 అంటే ఏమిటో ఒకేలా అర్థం చేసుకుంటారు.

మన 50 మార్కుల షీటుకూ అలాంటిదే పెట్టుకోవచ్చు. తప్పులు పెద్దగా లేకుండా, గుర్తుండేంత గొప్పగానూ లేకుండా సాగిన ప్రసంగానికి 32. విషయం బలంగా ఉండి, చెప్పడం కూడా బాగుంటే 38, 40. ఆ పోటీలో ఒకరిద్దరికి తప్ప 44 దాటకూడదు. మధ్యలో ఆగిపోయినా, అంశం వదిలేసి వేరేదేదో చెప్పినా 25 దగ్గర. 20 కంటే కింద వేయాల్సిన అవసరం సాధారణంగా రాదు. ఈ నాలుగు మాటలూ కాగితం పైభాగంలో పెన్సిల్‌తో రాసుకోండి.

3. పోటీకి ముందు ఒక నమూనా ప్రసంగం వినండి

మొత్తంలో నేను అస్సలు వదులుకోని మెట్టు ఇదే. పావుగంట చాలు. పోటీలో లేని సీనియర్ విద్యార్థినో, ఒక టీచర్‌నో రెండు మూడు నిమిషాలు మాట్లాడమనండి. పాత పోటీ వీడియో ఏదైనా ఫోనులో ఉంటే అదీ పనికొస్తుంది. పోటీదారులు అక్కడ ఉండకూడదు. ముగ్గురూ విని, ఒకరితో ఒకరు మాట్లాడకుండా నాలుగు గడులూ నింపి, కాగితాలు ఒకేసారి బల్ల మీద పెట్టాలి. ఒకరు ముందు చెబితే మిగతా ఇద్దరూ అటే జరుగుతారు, ముఖ్యంగా మొదట చెప్పినవారు వయసులో పెద్దవారైతే.

అంశం "సెల్‌ఫోన్ విద్యార్థికి వరమా, శాపమా" అనుకుందాం (ఈ అంశం ఎప్పటికి వదులుతుందో తెలియదు). నమూనా వక్త ఎనిమిది నష్టాలు గబగబా చెప్పాడు: కళ్లు పాడవుతాయి, నిద్ర ఉండదు, చదువు సాగదు, డబ్బు ఖర్చు, స్నేహితులు దూరం, ఇలా. విషయం గడిలో ఒకరు 20కి 16 వేశారు, ఒకరు 15, ఒకరు 9.

ఇప్పుడు 16 ఎక్కువా, 9 తక్కువా అని వాదించుకోవడం వృథా. "మీరేం విన్నారు?" అని అడగండి. 16 వేసినవారు, "ఎనిమిది పాయింట్లు చెప్పాడండీ, ఏదీ తప్పు కాదు" అంటారు. 9 వేసినవారు, "ఒక్కదానికీ ఎందుకో చెప్పలేదు, నిద్ర ఉండదన్నాడు, అక్కడే వదిలేశాడు" అంటారు. అంటే తేడా ప్రసంగంలో లేదు, లెక్కించే పద్ధతిలో ఉంది. అక్కడికక్కడే ఒక ఒప్పందానికి రండి: పేరు మాత్రమే చెప్పి వదిలేసిన పాయింట్లు ఎన్ని ఉన్నా విషయం గడిలో 11 దాటదు. కారణం, ఉదాహరణ రెండూ ఇచ్చిన పాయింటు ఒక్కటున్నా 13 నుంచి మొదలవుతుంది.

గడికి మూడు మార్కుల కంటే ఎక్కువ తేడా వచ్చినచోటే చర్చించండి. ఒకటి రెండు మార్కుల తేడా ఉండనివ్వండి. ముగ్గురినీ పిలిచింది మూడు జతల చెవులు కావాలనే. అందరూ అచ్చు ఒకే అంకె వేయాలంటే ఒక్కరు చాలు.

నమూనా వినడానికి అసలు టైము దొరకకపోతే, మొదటి ముగ్గురి మార్కులూ పెన్సిల్‌తో వేసి, ముగ్గురి తర్వాత రెండు నిమిషాలు ఆగి, ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి సరిచేసుకోండి. ఇలా చేస్తామని నిర్వాహకులకు, పోటీదారులకు ముందే చెప్పాలి. లేకపోతే ఎవరో ఒకరు, "జడ్జి మార్కులు దిద్దుతున్నాడు" అంటారు. వారిని తప్పు పట్టలేం కూడా.

4. ప్రసంగం నడుస్తున్నప్పుడు

అంకె చివర్లో వేయండి. ప్రసంగం సాగుతుండగా రాసుకోవాల్సింది రెండు మూడు మాటలే, అవి కూడా విన్నవి. "బాగుంది" అని రాసుకుంటే పదిహేనో వక్త దగ్గరికి వచ్చేసరికి ఆ మాటకు విలువ ఉండదు. "నిద్ర పాయింటు, అక్క ఉదాహరణ, ముగింపు తొందర" అని రాసుకుంటే గంట తర్వాత కూడా ఆ పిల్ల మొహం గుర్తొస్తుంది. చప్పట్లు ఆగేలోపు గడులు నింపేయండి. నాలుగు గడులూ విడివిడిగా వేశాకే కూడండి. ముందు మొత్తం 40 అనుకుని గడుల్లోకి పంచడం చాలామందికి అలవాటు. అప్పుడు గడులున్నా లేనట్టే.

బట్టీ కొట్టిన ప్రసంగాన్ని ఎలా పట్టుకోవాలని చాలామంది అడుగుతారు. తడబడినప్పుడు చూడండి. సొంతంగా మాట్లాడేవాడు మాట మరిచిపోతే అదే భావాన్ని ఇంకో వాక్యంలో చెప్పి ముందుకు పోతాడు. బట్టీ పట్టినవాడు ఆ వాక్యం మొదటికి వెళ్లి, మళ్లీ అదే ఊపులో అందుకుంటాడు. వయసుకు మించిన పదాలు, నోట్లో నలగని సంస్కృత సమాసాలు కూడా జాడ చెబుతాయి. అయినా వక్తృత్వంలో బట్టీ నేరం కాదు, నిబంధనల్లో ఉంటే తప్ప. దాని ప్రభావం చెప్పే తీరు గడిలో పడుతుంది. "ఇది వాళ్ల మాస్టారు రాసిచ్చిందే" అనే అనుమానంతో విషయం గడిలో కోత పెట్టకండి. అనుమానానికి గడి లేదు.

వరుస ప్రభావం మాత్రం నిజంగా ఉంటుంది. మొదటివారికి జడ్జిలు జాగ్రత్తగా మధ్య మార్కులు వేస్తారు, ఇంకా మంచివారు వస్తారేమోనని. అద్భుతంగా మాట్లాడినవారి వెనకాల వచ్చిన మామూలు వక్త పాపం మరీ చప్పగా కనిపిస్తాడు. ఈ రెండూ తెలిసినంత మాత్రాన పోవు. వరుసను చీటీలతో తీయించండి, చెస్ట్ నంబర్లు ఇప్పించి పేరు, స్కూలు ప్రకటించకుండా చూడండి. సగంలో, అంటే ఎనిమిది పది మంది అయ్యాక, ఐదు నిమిషాల విరామం అడగండి. ఆ విరామంలో మొదటి ఇద్దరి నోట్సు మళ్లీ చదివి, ఇప్పుడు ఇదే ప్రసంగం వింటే ఎంత వేస్తానని మిమ్మల్ని మీరు అడగండి. తేడా కనిపిస్తే అప్పుడే సరిచేయండి, కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టండి.

టైము సంగతి: నాలుగో నిమిషానికి ఒక బెల్, ఐదుకు రెండు. ఆపైన 30 సెకన్లు వదిలేసి, దాటితే మొత్తంలోంచి ఇంత అని ముందే ప్రకటించిన కోత. వక్తృత్వం నేర్పే అంతర్జాతీయ క్లబ్బుల సంస్థ టోస్ట్‌మాస్టర్స్ పోటీల్లో అయితే కోత కూడా ఉండదు. ఐదు నుంచి ఏడు నిమిషాల ప్రసంగం నాలుగున్నర కంటే తక్కువైనా, ఏడున్నర దాటినా నేరుగా పోటీలోంచి తీసేస్తారు. స్కూలు పిల్లలకు అది మరీ కఠినం. ఏదైనా సరే, లెక్క టైమ్‌కీపర్‌ది. మీరు గడియారం చూస్తూ కూర్చుంటే వినడం తప్పిపోతుంది.

డిబేట్ అయితే కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు అనుకూల పక్షం చెప్పిన ప్రతి వాదన, దాని ఎదురుగా ప్రతికూల పక్షం ఇచ్చిన జవాబు. జవాబు రాని వాదన ఎదుట ఖాళీ ఉంటుంది. చివరికి ఆ ఖాళీలే చాలావరకు ఫలితం చెబుతాయి. ఖాళీని మీరు నింపకూడదు. అనుకూల పక్షం ఒక బలహీనమైన మాట అంది, దానికి గొప్ప జవాబు మీకు తట్టింది, కానీ అవతలి పక్షం ఆ మాట ఎత్తలేదు. అప్పుడు ఆ వాదన నిలబడినట్టే. అలాగే ముందు ఏ పక్షం గెలిచిందో నిర్ణయించుకుని, తర్వాత మార్కులు వేయండి. గెలిచిన పక్షం మొత్తం ఓడినవారికంటే తక్కువ వచ్చిందంటే ఎక్కడో లెక్క తప్పింది, వెనక్కి వెళ్లి చూడండి.

5. కూడే ముందు ఒక్కసారి ఈ పట్టిక చూడండి

ఐదుగురు వక్తలు, ముగ్గురు జడ్జిలు, 50కి మార్కులు. ఇవి నేను లెక్క కోసం వేసిన అంకెలే.

| వక్త | జడ్జి 1 | జడ్జి 2 | జడ్జి 3 | మొత్తం |
|---|---|---|---|---|
| 1 | 41 | 43 | 30 | 114 |
| 2 | 39 | 40 | 46 | 125 |
| 3 | 42 | 44 | 36 | 122 |
| 4 | 38 | 41 | 22 | 101 |
| 5 | 40 | 39 | 33 | 112 |

మొత్తం చూస్తే రెండో వక్తకు మొదటి బహుమతి. కానీ మొదటి జడ్జి, రెండో జడ్జి ఇద్దరూ మూడో వక్తనే అందరికంటే పైన పెట్టారు. వారి దృష్టిలో రెండో వక్త నాలుగో స్థానం. అయినా గెలిచాడు. ఎందుకంటే మొదటి జడ్జి మార్కులన్నీ 38కీ 42కీ మధ్యలో ఉన్నాయి, మూడో జడ్జివి 22 నుంచి 46 దాకా పరుచుకున్నాయి. మొదటి జడ్జి ఎంత గట్టిగా ఇష్టపడినా నాలుగు మార్కుల తేడానే తేగలరు, మూడో జడ్జి 24 తేగలరు. ముగ్గురు కూర్చున్నా తీర్పు ఒక్కరిదే.

ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. మూడో జడ్జి పిసినారి, అందుకే ఇబ్బంది వచ్చింది అనుకుంటారు. పిసినారితనం ఎవరికీ నష్టం చేయదు. మొదటి జడ్జి అందరికీ పదేసి తగ్గించి వేశారనుకోండి, అన్ని మొత్తాలూ పది తగ్గుతాయి, వరుస మారదు. ఫలితాన్ని తిప్పేది మార్కులు ఎంత వెడల్పుగా పరిచారన్నదే. కాబట్టి కాగితాలు చేతికి రాగానే ప్రతి జడ్జి వేసిన అతి పెద్ద అంకె, అతి చిన్న అంకె చూసి తేడా రాయండి. ఆ తేడాలు ఒకటి ఇంకోదానికి రెండింతలు దాటితే నేరుగా కూడకండి.

దీనికి సులువైన మందు ర్యాంకులు. ప్రతి జడ్జి మార్కులను ఒకటి, రెండు, మూడు అని స్థానాలుగా మార్చి, ఆ స్థానాలు కూడండి. తక్కువ వచ్చినవారు పైన. మూడో వక్తకు 1, 1, 2 కలిపి 4. మొదటి వక్తకు 2, 2, 4 కలిపి 8. రెండో వక్తకు 4, 4, 1 కలిపి 9. ఇప్పుడు మొదటి బహుమతి మూడో వక్తకు, రెండోది ఒకటో వక్తకు, మూడోది రెండో వక్తకు. టోస్ట్‌మాస్టర్స్ పోటీల్లో కూడా జడ్జిల మార్కులు కూడరు. ప్రతి జడ్జి మొదటి ముగ్గురికి 3, 2, 1 పాయింట్లు వస్తాయి, అంతే. పై పట్టికకు ఆ లెక్క వేసినా వరుస ఇదే వస్తుంది.

ర్యాంకులకూ ఒక లోపం ఉంది. మొదటివాడికీ రెండోవాడికీ మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా, ఏనుగంత తేడా ఉన్నా స్థానం ఒకటే జరుగుతుంది. మూడో జడ్జి 22 వేయడానికి గట్టి కారణం ఉండి ఉండొచ్చు, ఆ వక్త అంశమే తప్పించాడేమో. అందుకే పెద్ద తేడా ఉన్నచోట కూడే ముందు ఒక్క ప్రశ్న అడగండి: మిగతా ఇద్దరూ వినని విషయం ఏదైనా విన్నారా? విన్నామంటే, మిగతా ఇద్దరూ తమ నోట్సు చూసుకుని కావాలంటే మార్చుకోవచ్చు. వినలేదంటే ఎవరి మార్కులు వారివే. మెజారిటీ ఇద్దరున్నారని మూడోవారి చేత మార్పించడం మాత్రం వద్దు.

ముప్ఫై మంది పాల్గొన్న పోటీలో పద్నాలుగో స్థానం, పదిహేనో స్థానం అంటే అర్థమే లేదు. అలాంటప్పుడు ప్రతి జడ్జి తన మొదటి ఐదుగురికే స్థానాలివ్వాలి, మిగతా అందరికీ ఆరు. ఆ ఐదుగురిలో ఇద్దరికి ఒకే మార్కు వేయకూడదని కూడా చెప్పండి. టై వస్తే విషయం గడి మొత్తం ఎవరికి ఎక్కువో వారు, అదీ సమానమైతే ముగ్గురిలో ఇద్దరు జడ్జిలు ఎవరిని పైన పెట్టారో వారు. ఈ నియమం పోటీకి ముందే నోటీసులో ఉండాలి, పేర్లు తెలిశాక పుట్టకూడదు.

6. సొంత విద్యార్థి వేదికెక్కితే

"మా స్కూలు అమ్మాయి, నేను మార్కు వేయను, మిగతా ఇద్దరి సగటు తీసుకోండి" అని జడ్జి అంటే మర్యాదగానే ఉంటుంది. కానీ పై పట్టికలో మూడో జడ్జి నాలుగో వక్తకు మార్కు వేయలేదనుకుని చూడండి. మిగిలిన ఇద్దరి సగటు 39.5. మూడో జడ్జి మార్కు కూడా పడిన ఒకటో వక్త సగటు 38, ఐదో వక్తది 37.3. మొదటి జడ్జి దగ్గర ఐదో స్థానంలో, రెండో జడ్జి దగ్గర మూడో స్థానంలో ఉన్న వక్త, వారిద్దరినీ దాటి మూడో బహుమతి పట్టుకెళ్తాడు. పిసినారి జడ్జి పక్కకు తప్పుకోవడమే అతనికి లాభమైంది. పిసినారితనం నష్టం చేయదన్న మాట, ఆ జడ్జి అందరికీ మార్కు వేసినప్పుడే చెల్లుతుంది.

అందుకని ఈ సంగతి పొద్దున్నే, చీటీలు తీయకముందే తేలాలి. జూనియర్స్, సీనియర్స్ అని రెండు విభాగాలుంటే ఆ జడ్జిని రెండోదానికి మార్చమనండి. అలా కుదరకపోతే వారూ అందరితోపాటు ఆ విద్యార్థికి మార్కు వేసి, బంధం ఉందని కాగితం మీద రాసిపెట్టాలి. మిగతా ఇద్దరి మార్కుల కంటే అది బాగా పైన కనిపిస్తే, ఆ ఒక్క వక్తకు మాత్రమే కాకుండా ఆ జడ్జి మొత్తం కాగితాన్ని పక్కనపెట్టి, అందరికీ ఇద్దరి ర్యాంకులతోనే ఫలితం తీయండి. అప్పుడు కనీసం అందరికీ కొలిచిన కొలత ఒకటే అవుతుంది.

ఫలితం చదివాక స్కోరు షీట్లు చించేయకండి. సంతకాలతో సహా నిర్వాహకులకు ఇచ్చి ఓ నెల ఉంచమనండి. ఎవరి నాన్నగారో వచ్చి, "మా వాడికి ఎందుకు రాలేదు?" అని అడిగినప్పుడు మొత్తం అంకె చూపిస్తే గొడవ పెరుగుతుంది. విషయం గడి, దాని పక్కన మీరు రాసుకున్న "ఆరు పాయింట్లు, ఒక్కదానికీ ఉదాహరణ లేదు" అన్న ముక్క చూపిస్తే, ఆయన తర్వాతి ప్రశ్న ఉదాహరణల గురించి ఉంటుంది.